కాశీలో ఏ బండి దగ్గర తినొచ్చు? నిలబడి చూసి తేల్చుకునే పద్ధతి

రైలు లేటై సాయంత్రం కాశీలో దిగుతారు. సత్రంలో భోజనం ముందే చెప్పుకున్నవాళ్లకే ఉంటుంది. ఆకలి మీద గొదౌలియా నుంచి దశాశ్వమేధ ఘాట్ వైపు నడుస్తుంటే రెండు పక్కలా బండ్లే. చాట్, టిక్కీ, పానీపూరీ, లస్సీ, జిలేబీ. మన ఊళ్లో అయితే ఏ ఇడ్లీ బండి ఎలాంటిదో ఏళ్లుగా చూసి ఉంటాం, ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. ఇక్కడ ఆ ఎరుక లేదు. పైగా పక్కన అరవై దాటిన అత్తయ్యో, ఐదేళ్ల పిల్లాడో ఉంటారు. రేపు పొద్దున్నే దర్శనం క్యూలో గంటల తరబడి నిలబడాలి. అలాంటప్పుడు కడుపు పాడైతే యాత్ర మొత్తం పాడైనట్టే.

అలాగని నాలుగు రోజులూ బిస్కెట్లతో గడపక్కర్లేదు. కాశీకి వెళ్లి అక్కడి కచోరీ, టమాటర్ చాట్ తినకుండా రావడం నాకైతే పెద్ద లోటే. ఏం చూడాలో తెలిస్తే ఐదు నిమిషాల్లో ఒక బండి సంగతి చాలావరకు తేలిపోతుంది.

బండి తళతళలాడుతోందా, బోర్డు కొత్తగా ఉందా అని చూడకండి. ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: పొయ్యి మీద నుంచి దించాక ఈ తిండికి ఏమేం తగులుతున్నాయి, ఎంతసేపు అలా ఉంటోంది? సలసలా కాగే నూనెలోనో, మసిలే కూరలోనో రోగాలు తెచ్చే క్రిములు దాదాపు బతకవు. దించిన తర్వాత తగిలే నీళ్లు, చెయ్యి, గుడ్డ, ప్లేటు, చట్నీ, గడిచే కాలం, వీటితోనే చిక్కు.

ముందు పది అడుగుల దూరంలో ఆగండి

నేరుగా బండి దగ్గరికి వెళ్లి నిలబడితే "ఆయియే, క్యా దూఁ?" అని అడుగుతారు. ఆకలి మీదున్న మనిషి వెంటనే ఆర్డర్ ఇచ్చేస్తాడు. అందుకే కొంచెం ఎడంగా ఆగి, ఇద్దరు ముగ్గురు గిరాకీలకు అతను పెట్టి ఇచ్చేదాకా చూడండి. మరీ ఆకలిగా ఉంటే ముందు ఒక టీ తాగండి. కళ్ల ముందు మసిలిన పాలు, మసిలిన నీళ్లు, ఒక్కసారి వాడి పారేసే మట్టి కప్పు. కొత్త ఊళ్లో మొదటగా నోట్లో వేసుకోవడానికి ఇంతకంటే భయం లేనిది వీధిలో దొరకదు. ఆ కుల్హడ్‌ను టీ పోసే ముందు బకెట్ నీళ్లలో ముంచి తీస్తుంటే మాత్రం "పొడిగానే ఇవ్వండి" అని సైగ చేయండి. కాస్త మట్టి దుమ్ము ఉన్నా పర్వాలేదు, ఆ నీళ్లు వద్దు.

చూపు బండి మీద కాదు, బండి కింద

బండి పైభాగాన్ని అందరూ శుభ్రంగానే సర్దుకుంటారు. సంగతి తెలిసేది కిందా, వెనకా. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. పక్కనే కుళాయి ఉంటే మంచిదే. చాలా బండ్లకు అది ఉండదు, పొద్దున నింపుకొచ్చిన ఒకటి రెండు డబ్బాలతోనే రాత్రిదాకా నెట్టుకొస్తారు. తాగే నీళ్లకీ, చెయ్యి కడుక్కునే నీళ్లకీ, ప్లేట్లు కడిగే నీళ్లకీ వేర్వేరు పాత్రలు ఉన్నాయా? అన్నిటికీ ఒకే బకెట్, అందులోనే మగ్గు తేలుతోందంటే అక్కడితో ఆ బండిని వదిలేయొచ్చు.

ప్లేట్లు కడిగే తీరు ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఒక బకెట్‌లో సబ్బు నీళ్లు, రెండో దాంట్లో మామూలు నీళ్లు ఉంటాయి. ఎంగిలి స్టీలు ప్లేటు మొదటి దాంట్లో మునుగుతుంది, రెండో దాంట్లో మునుగుతుంది, తడి గుడ్డతో తుడుచుకుని మళ్లీ గిరాకీ చేతికి వస్తుంది. యాభై ప్లేట్లు అయ్యేసరికి రెండో బకెట్‌లో నీళ్లు పాలలా తెల్లబడి, పైన నూనె తెట్టు కట్టి ఉంటాయి. అప్పటికి ప్లేటు కడిగినట్టు కాదు, అంతకు ముందు తిన్న యాభై మంది ఎంగిలి పూసినట్టు. అన్నిటికంటే చెడ్డది ఆ గుడ్డ. బల్ల తుడిచేది, చెయ్యి తుడిచేది, ప్లేటు తుడిచేది ఒకటే అయి, అది రోజంతా తడిగా ఉంటే, మిగతా శుభ్రం ఎంత ఉన్నా పనికిరాదు.

ఈ విషయంలో కాశీ మనకు కలిసొచ్చే ఊరు. చాట్, కచోరీ చాలాచోట్ల ఆకు దొన్నెల్లోనే పెడతారు, తిన్నాక పారేస్తారు. దొన్నె పొడిగా ఉంటే మాట్లాడకుండా తీసుకోండి. తడి గుడ్డతో తుడిచి ఇవ్వబోతే వద్దనండి. అచ్చు వేసిన న్యూస్‌పేపర్ ముక్కలో వేడి నూనె వంటకం పెడితే కూడా వద్దు. ఆ సిరా నూనెకు అంటుకుని తిండిలోకి దిగుతుందని, అలా కట్టివ్వొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే హెచ్చరించింది. అయినా ఆ అలవాటు ఇంకా పోలేదు, మన మిర్చి బజ్జీ బండ్ల దగ్గర కూడా.

చెయ్యి ఏం చేస్తోందో చూడండి

డబ్బు తీసుకునే చెయ్యి, తిండి పెట్టే చెయ్యి ఒకటేనా? ఇద్దరు మనుషులు ఉండి ఒకరు వండుతూ, ఒకరు డబ్బు చూసుకుంటుంటే మంచి గుర్తు. ఒక్కరే ఉన్నా, గరిటెతో, చెంచాతో తీసి పెడుతూ చెయ్యి తగలనివ్వకపోతే అదీ మంచిదే. క్యూఆర్ కోడ్ ఉన్నచోట ఫోన్‌తోనే డబ్బు కట్టండి. కనీసం మీ ముందు అతను నోట్లు లెక్కపెట్టి, అదే చేత్తో ఉల్లిపాయ చల్లే అవసరం రాదు.

గ్లవ్స్ చూసి మాత్రం మోసపోకండి. గ్లవ్స్ వేసుకున్న మనిషికి తన చెయ్యి మురికైన సంగతి తెలియదు. జిడ్డు తగలదు, చెమట తగలదు, కాబట్టి కడుక్కోవాలని అనిపించదు. ఆ గ్లవ్స్‌తోనే చిల్లర ఇవ్వడం, నుదురు తుడుచుకోవడం, గ్యాస్ నాబ్ తిప్పడం, ఆలూ చిదమడం అన్నీ జరుగుతాయి. వేళ్ల మీద కురుపులూ, తెగిన గాయాలూ ఉన్నాయేమో కూడా గమనించండి. గాయాల్లో ఉండే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా తిండిలోకి చేరి పెరిగితే ఒక విషం వదులుతుంది. ఆ విషం తర్వాత మళ్లీ వేడి చేసినా పోదు.

రెండు బండ్లు పక్కపక్కనే ఉంటే

ఒక సాయంత్రం గొదౌలియా దగ్గర మా వాళ్లతో ఉన్నప్పుడు చూసిన రెండు చాట్ బండ్ల సంగతి చెబుతాను. మొదటిది కొత్త స్టీలు బండి, ఎల్‌ఈడీ లైట్లు, గాజు పెట్టెలు, మనిషికి టోపీ, గ్లవ్స్. రెండోది మసిబారిన పెనం, పాత చెక్క బల్ల, బనియన్‌తోనే కూర్చున్న పెద్దాయన. మా అత్తయ్య నేరుగా మొదటి దాని వైపే నడిచింది. "ఒక్క నిమిషం ఆగండి అత్తయ్యా, ఇద్దరు తినేదాకా చూద్దాం" అన్నాను.

మొదటి బండిలో టిక్కీలు ముందే వేయించి పెనం అంచున గుట్టగా పేర్చి ఉన్నాయి. పెనం మధ్యలోనే సెగ, అంచున గోరువెచ్చనే. గిరాకీ వస్తే ఒకటి తీసి, చేత్తో చిదిమి, పెద్ద గిన్నెలోంచి పెరుగు, రెండు రకాల చట్నీ, పచ్చి ఉల్లిపాయ వేసి ఇస్తున్నాడు. గిన్నెల మీద మూతల్లేవు. అదే గ్లవ్స్‌తో యాభై నోటు తీసుకుని చిల్లర ఇచ్చాడు.

రెండో బండి పెద్దాయన టమాటర్ చాట్ చేస్తున్నాడు. టమాటాలు, ఉడికించిన బంగాళాదుంప, అల్లం, మసాలాలు పెనం మీదే నెయ్యిలో మెత్తగా ఉడుకుతున్నాయి. ప్రతి గిరాకీకీ అందులోంచి కొంత పెనం మధ్యకి లాగి, బుడగలు వచ్చేదాకా గరిటెతో మెదిపి, పొడి దొన్నెలో వేసి, పైన గరిటెతో పాకం పోసి, కరకరలాడే నమక్‌పారే చల్లి ఇస్తున్నాడు. తిండికి చెయ్యి తగిలింది చివర్లో కొత్తిమీర చల్లేటప్పుడే. డబ్బులు పక్కనున్న కుర్రాడు తీసుకుంటున్నాడు. దొన్నెలు చెత్తబుట్టలోకి పోతున్నాయి, కడిగే పనే లేదు.

మేం రెండో చోట తిన్నాం, "ధనియా మత్ డాలియే" అని, కొత్తిమీర వద్దని చెప్పి. అత్తయ్య నాలుక కాలిందని విసుక్కుంది. నాకు అదే కావాలి. దొన్నె పట్టుకోలేనంత వేడిగా ఉండి, ఊదుకుని తినాల్సి వస్తే, ఆ తిండి ఇప్పుడే పొయ్యి దిగిందని నోటితోనే రుజువైనట్టు.

పొద్దున కచోరీ: గడియారం చూసుకోండి

కాశీ పొద్దు కచోరీ, సబ్జీతో తెల్లవారుతుంది. కచోరీ సంగతిలో పెద్దగా భయపడక్కర్లేదు, కళ్ల ముందే కాగే నూనెలో పొంగుతుంది. నూనెను మాత్రం ఒకసారి చూడండి. నల్లగా, జిగటగా మారి, కచోరీ వేయకముందే పొగలు కక్కుతూ, వేసినప్పుడు బుడగలు నురగలా మీదికి పొంగి నిలిచిపోతుంటే అది పదేపదే కాచిన నూనె. దాంతో ఆ రాత్రే వాంతులు కావు గానీ, ఛాతీలో మంట, గొంతులో గరగర తప్పవు.

అసలు కన్ను వేయాల్సింది సబ్జీ గిన్నె మీద. అది సెగ మీద ఉండి ఆవిరి కక్కుతోందా, కింద పెట్టి ఉందా? వండిన కూర అరవై డిగ్రీల పైన ఉన్నంతసేపు బ్యాక్టీరియా పెరగదు. చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చగా దిగిందంటే పెరుగుదల మొదలు. మామూలు రోజుల్లో రెండు గంటలు, ఎండాకాలం మండే రోజుల్లో ఒక గంట, అంతే హద్దు. అందుకే ఆరున్నర, ఏడింటికి వెళ్లండి. అప్పుడు సబ్జీ మొదటి వాయి, నూనె కొత్తది, గిరాకీ ఎక్కువ కాబట్టి ఏదీ నిలవ ఉండదు. పదకొండింటికి అదే బండి దగ్గర అడుగున మిగిలిన సబ్జీలో నీళ్లు పోసి సాగదీస్తుంటే వదిలేయండి. మన టిఫిన్ బండ్ల దగ్గర ఏడింటికి చిక్కగా ఉన్న పల్లీ చట్నీ పదింటికి ఎందుకు పల్చబడుతుందో మీకు తెలుసు. ఆ నీళ్లు కాచినవి కావు, ఆ తర్వాత చట్నీ మళ్లీ పొయ్యి ఎక్కదు.

రష్ ఉన్న బండి మంచిదని అందరూ అంటారు. సగమే నిజం. వేడిగా వండి పెట్టే చోట రష్ ఉంటే సరుకు నిలవ ఉండదు, అది మేలు. చేత్తో కలిపి పెట్టే చోట, ప్లేట్లు కడిగే చోట రష్ ఉంటే చెయ్యి కడుక్కునే తీరిక ఉండదు, నీళ్లు మార్చే తీరిక ఉండదు. అక్కడ రష్ కీడే. ఆ గుంపులో ఉన్నది యాత్రికులా, ఊరివాళ్లా అన్నది కూడా చూడండి. మళ్లీ మళ్లీ వచ్చే ఊరివాళ్లకు చెడ్డ తిండి పెట్టి బండి నిలబడలేదు.

పానీపూరీ దగ్గర నియమం వేరు

అక్కడ దాన్ని గోల్‌గప్పా అంటారు. ఇందులో వేడి లేదు, చెయ్యి ఉంది, కాచని నీళ్లు ఉన్నాయి. పైన చెప్పిన ప్రశ్నకు అన్నీ చెడ్డ జవాబులే. చింతపండు పులుపు క్రిముల్ని చంపేస్తుందని చెప్పే మాట నమ్మకండి. పులుపు పెరుగుదలను కొంత తగ్గిస్తుంది, ఆ నీళ్లలో ముందే ఉన్నవాటిని నిమిషాల్లో చంపదు.

బండి మీద ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ పెట్టినంత మాత్రాన నీళ్లు మంచివని కాదు. క్యాన్ మూతకు సీలు ఉందా, లేక పాత క్యాన్‌ను కుళాయి కింద నింపుకొచ్చారా? "పానీ కహాఁ కా హై, భయ్యా?" అని మర్యాదగా అడగండి. మంచి నీళ్లు వాడేవాడు గర్వంగా క్యాన్ తీసి చూపిస్తాడు. "అచ్ఛా హై, అచ్ఛా హై" అని దాటేస్తే జవాబు దొరికినట్టే. కుండలో నీళ్లు చెంచాతో పోస్తున్నారా, పూరీతో పాటు వేళ్లు కూడా అందులో మునుగుతున్నాయా అన్నది చూడండి. మునుగుతుంటే నీళ్లు ఎంత మంచివైనా లాభం లేదు. వర్షాకాలంలో కుళాయి నీళ్లలో మురుగు కలిసే ప్రమాదం ఎక్కువ కాబట్టి, జూలై నుంచి సెప్టెంబర్ దాకా కాశీలోనే కాదు, ఏ కొత్త ఊళ్లోనూ నేను పానీపూరీ జోలికి పోను, మా పిల్లలకు పెట్టను.

లస్సీ, ఐస్, మలయ్యో

గట్టి పెరుగును మట్టి కప్పులో వేసి పైన మీగడ పెట్టి ఇచ్చే కాశీ లస్సీ మంచిదే. పెరుగు పులుపు కొంత కాపాడుతుంది. చిక్కల్లా నీళ్లూ ఐసూ. "బర్ఫ్ మత్ డాలియే" అంటే చాలు. పెద్ద దిమ్మను గోనెపట్టాలో చుట్టి తెచ్చి, నేల మీద పెట్టి సుత్తితో కొట్టే ఐస్ సరుకు చల్లగా ఉంచడానికి చేసింది, తాగడానికి కాదు. అలాంటి ఐస్‌లో నీలం రంగు కలపాలని 2018లో నిబంధన వచ్చింది. తెల్లగా కనిపించిందని ధైర్యపడకండి, రంగు కలపనివాళ్లూ ఉంటారు. చెరకు రసం కూడా ఐస్ లేకుండా, ఈగలు లేని మిషన్ దగ్గరే.

చలికాలంలో వెళ్తే మలయ్యో కనిపిస్తుంది. కాచిన పాలను రాత్రంతా మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి తీసిన నురగ, కుంకుమపువ్వు వాసనతో. నోట్లో పెట్టగానే మాయమైపోతుంది. దించాక రాత్రంతా బయట ఉన్న పాలు కాబట్టి, నా లెక్క ప్రకారం అది పరీక్ష తప్పాలి. అయితే డిసెంబర్, జనవరి రాత్రుల చలే దానికి ఫ్రిజ్. అందుకే తెల్లారగానే, ఎండ ఎక్కక ముందు, మూత వేసి ఉంచినదే తినండి. ఎండలో నిలబడి ఉన్నది వద్దు. ఆరోగ్యం బాగాలేనివాళ్లకు, గర్భిణులకు, చిన్నపిల్లలకు అసలు పెట్టొద్దు.

రాత్రిపూట మోమోలూ రోల్సూ అమ్మే బండ్ల దగ్గర పిల్లలు ఆగిపోతారు. మోమో ఆవిరి మీదుంటే పర్వాలేదు, పక్కన పెట్టే తెల్ల మయొనైజ్ వద్దు. పచ్చి గుడ్డుతో చేసినది ఎండకు ఇట్టే పాడవుతుంది. 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాది పాటు నిషేధించింది కూడా అది తిని జనం జబ్బుపడ్డారన్న కేసుల తర్వాతే. ఫ్రైడ్ రైస్ అయితే అన్నం ఎప్పుడు వండారో అడగండి. మధ్యాహ్నం వండి బేసిన్‌లో ఆరబెట్టిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం, రాత్రి ఎంత మంట మీద వేయించినా పోదు.

బండి మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పద్నాలుగు అంకెల నంబర్ కనిపిస్తే మంచిదే. ఆ మనిషి రిజిస్టర్ చేయించుకున్నాడని, ఏదైనా అయితే ఫిర్యాదు చేయొచ్చని అర్థం. ఈరోజు బకెట్‌లో నీళ్లు మార్చాడా లేదా అన్నది మాత్రం ఆ నంబర్ చెప్పదు.

అయినా కడుపు పాడైతే

మొదటి రోజు ఒక్క బండి, ఒక్క ప్లేటు, అదీ పంచుకుని తినండి. నాలుగు చోట్ల నాలుగు రకాలు రుచి చూస్తే, ఏది పడలేదో తెలియదు.

వాంతులు మొదలైన టైమును బట్టి ఏది తగిలిందో కొంత ఊహించొచ్చు. తిన్న ఆరు గంటల్లోపే వాంతులు ఎక్కువగా అయితే నిలవ అన్నమో, చేతి గాయం తగిలిన తిండో వదిలిన విషం కావచ్చు, ఇది సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత నీళ్ల విరేచనాలైతే నీళ్లనో, చట్నీనో అనుమానించాలి. అంటే చాలాసార్లు మనం తిట్టుకునే చివరి బండి కాదు, మొన్నటి పానీపూరీ. ఇంటికొచ్చిన ఒకటి రెండు వారాలకు జ్వరం పట్టుకుని వదలకపోయినా, నెల రోజులకు కళ్లు పచ్చబడినా, యాత్రకు వెళ్లొచ్చిన సంగతి డాక్టర్‌కు చెప్పండి. టైఫాయిడ్, కామెర్లు అంత ఆలస్యంగా బయటపడతాయి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇక్కడి నుంచే బ్యాగులో పెట్టుకెళ్లండి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ప్యాకెట్ మీద రాసింది చదివి సరిగ్గా అంతే కలపాలి. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం. రంగురంగుల టెట్రాప్యాక్ డ్రింకులు దాని బదులు కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది.

మలంలో రక్తం, ఎక్కువ జ్వరం, ఓఆర్‌ఎస్ కూడా కడుపులో నిలవకపోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, పిల్లలు మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆగకండి. విరేచనాలు ఆపే మాత్ర మీ అంతట మీరు వేయకండి, ముఖ్యంగా పిల్లలకు. లంక ప్రాంతంలో బీహెచ్‌యూ వాళ్ల సర్ సుందర్‌లాల్ ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్లినా, దగ్గర్లోని డాక్టర్ దగ్గరికి వెళ్లినా, నిన్న రాత్రి తిన్నదొక్కటే కాకుండా గత మూడు రోజులుగా ఎక్కడెక్కడ ఏం తిన్నారో, ఏ నీళ్లు తాగారో వరసగా చెప్పండి.